క్రియాటిన్: స్టెరాయిడ్ భయం, నీటి భయం, కిడ్నీ భయం ఎక్కడి నుంచి వచ్చాయి

జిమ్‌కు వెళ్లే కొడుకు గదిలో తెల్లటి పొడి డబ్బా కనిపిస్తే చాలా ఇళ్లలో ముందు వచ్చే అనుమానం స్టెరాయిడ్ గురించే. అది కాదని తేలితే, ఒంట్లో నీరు లాగేస్తుందనే భయం. అదీ పోతే కిడ్నీల సంగతి. చివరికి జుట్టు. ఈ నాలుగు భయాలూ ఎవరో కూర్చుని అల్లినవి కావు. ఒక్కోదాని వెనక ఒక్కో సంఘటనో పరీక్షో ఉంది. అక్కడ నిజంగా ఏం జరిగిందో చూస్తే భయంలో ఎంత పాలు నిజమో తెలుస్తుంది. దానికి ముందు, ఈ పదార్థం ఒంట్లో చేసే పనేమిటో తెలియాలి.

## ఒంట్లోనే తయారయ్యే పదార్థం

క్రియాటిన్‌ను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1832లో మాంసం రసం నుంచి వేరు చేశాడు. అంటే ఇది ప్రయోగశాలలో పుట్టిన మందు కాదు. మన మూత్రపిండాలు, కాలేయం కలిసి మూడు అమైనో ఆమ్లాల నుంచి రోజుకు సుమారు ఒక గ్రాము క్రియాటిన్ తయారు చేస్తాయి. మాంసం, చేపలు తినేవారికి మరో గ్రాము దాకా భోజనంలో అందుతుంది. 70 కిలోల మనిషి ఒంట్లో మొత్తం 120 గ్రాముల వరకు ఉంటుంది. అందులో 95 శాతం కండరాల్లోనే.

కండరం కదలాలంటే ఏటీపీ అనే అణువు విరగాలి. విరిగినప్పుడు ఒక ఫాస్ఫేట్ ఊడిపోతుంది, శక్తి వెలువడుతుంది. చిక్కేమిటంటే, కండరంలో ఉన్న ఏటీపీ గట్టిగా పరుగెత్తితే కొద్ది సెకన్లకే చాలదు. అప్పుడు ఫాస్ఫేట్‌ను అక్కడికక్కడే చేబదులు ఇచ్చేది, క్రియాటిన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుని ఏర్పడే ఫాస్ఫోక్రియాటిన్. తిండిలోని పిండిపదార్థం నుంచి శక్తి వచ్చే దారి పొడుగైనది. చేబదులు మాత్రం వెంటనే దొరుకుతుంది. అయితే అది పది సెకన్ల పాటే గట్టిగా ఆదుకుంటుంది. అందుకే క్రియాటిన్ ఉపయోగం కనిపించేది వంద మీటర్ల పరుగు, బరువులెత్తడం, మళ్లీ మళ్లీ చేసే చిన్న పరుగుల వంటి వాటిలో. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒప్పుకున్నదీ ఇంతవరకే: రోజుకు 3 గ్రాములు తీసుకుంటే, వెంటవెంటనే చేసే తీవ్రమైన, తక్కువ వ్యవధి వ్యాయామంలో సామర్థ్యం పెరుగుతుంది.

కానిస్టేబుల్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మన కుర్రాళ్లు ఈ తేడాను గమనించాలి. దేహదారుఢ్య పరీక్షల్లో 1600 మీటర్ల పరుగు నిమిషాల పాటు సాగేది. అందులో ఎక్కువ భాగం ఊపిరి మీద, ఆక్సిజన్ మీద నడుస్తుంది. అక్కడ ఈ పది సెకన్ల చేబదులు పెద్దగా అక్కరకు రాదు. పైగా క్రియాటిన్ వెంట కండరాల్లో చేరే నీటి వల్ల ఒకటి రెండు కిలోల అదనపు బరువు మోస్తూ పరుగెత్తాల్సి వస్తుంది. అదే వంద మీటర్ల పరుగు, లాంగ్ జంప్ అయితే లెక్క వేరు.

పొడి రూపంలో తీసుకుంటే కండరాల్లో నిల్వ పెరుగుతుందని రోజర్ హారిస్ బృందం 1992లో కండరపు ముక్కలను పరీక్షించి చూపింది. రోజుకు 20 గ్రాముల చొప్పున ఆరు రోజులు తీసుకున్నా, 3 గ్రాముల చొప్పున నాలుగు వారాలు తీసుకున్నా చివరికి చేరే మట్టం ఒకటేనని 1996లో తేలింది. నిల్వ సుమారు 20 శాతం పెరిగి ఆగిపోతుంది. కండరం నిండాక మిగిలింది మూత్రంలో పోతుంది. శాకాహారుల కండరాల్లో మొదటి నుంచీ నిల్వ తక్కువ కాబట్టి వారిలో పెరుగుదల ఎక్కువగా కనిపిస్తుంది. అన్నట్టు, బజారులో దొరికే పొడిని మాంసం నుంచి తీయరు. సార్కోసిన్, సయనమైడ్ అనే రెండు రసాయనాలను కలిపి తయారు చేస్తారు.

## స్టెరాయిడ్ అనే ముద్ర పడిన వేసవి

రసాయనపరంగా ఈ ప్రశ్నకు సమాధానం చిన్నది. స్టెరాయిడ్లన్నింటికీ ఒకటే చట్రం: కార్బన్ పరమాణువులతో కట్టిన, ఒకదానికొకటి అతుక్కున్న నాలుగు వలయాలు. మన ఒంట్లో అవి కొలెస్ట్రాల్ నుంచి పుడతాయి. కండలు పెంచే స్టెరాయిడ్లు టెస్టోస్టెరాన్‌ను అనుకరిస్తాయి. కండర కణంలోకి వెళ్లి, ఏ జన్యువు ఎంత పనిచేయాలో మార్చేస్తాయి. ఒంట్లో సహజంగా జరిగే హార్మోన్ ఉత్పత్తి అణిగిపోవడం, వృషణాలు కుంచించుకుపోవడం ఆ జోక్యం ఫలితాలే. క్రియాటిన్‌లో వలయమే లేదు. నాలుగు కార్బన్లు, మూడు నైట్రోజన్లు ఉన్న చిన్న అణువది. హార్మోన్ గ్రాహకాలతో దానికి సంబంధం లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో దాని పేరు లేదు.

మరి ఈ ముద్ర ఎలా పడింది? 1998 వేసవిలో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెగ్వైర్ హోమ్ రన్ల రికార్డు వెంట పడి ఉన్నాడు. ఆ సీజన్‌లో 70 కొట్టాడు. దుస్తులు మార్చుకునే గదిలో అతని అరలో ఆండ్రోస్టీన్‌డయోన్ సీసా ఉండటం ఒక విలేకరి కంటపడింది. ఒంట్లోకి వెళ్లాక టెస్టోస్టెరాన్‌గా మారగల పదార్థమది. అప్పట్లో అంగడిలో బహిరంగంగానే దొరికేది. మెగ్వైర్ క్రియాటిన్ కూడా వాడేవాడు. వార్తల్లో రెండు పేర్లూ పక్కపక్కన వచ్చాయి, జనం మనసులోనూ అలాగే ఉండిపోయాయి. 2010లో మెగ్వైర్ తాను స్టెరాయిడ్లు కూడా వాడానని ఒప్పుకున్నాక ఆ జోడింపు మరింత బిగిసింది. ఆ కథలో హార్మోన్ పాత్ర ఆండ్రోస్టీన్‌డయోన్‌ది, స్టెరాయిడ్లది. క్రియాటిన్ వాటి పక్కన ఉన్న డబ్బా మాత్రమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అణువు స్టెరాయిడ్ కాదన్నంత మాత్రాన డబ్బాలో ఉన్నదంతా క్రియాటినే అన్న హామీ ఏమీ లేదు. కండలు పెంచుతామని అమ్మే పొడుల్లో లేబుల్ మీద చెప్పని హార్మోన్ మందులు కలిసిన సందర్భాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. ఒకే యంత్రంలో రకరకాల పొడులు తయారు చేసినప్పుడు ఒకటి మరొకదానిలో కలిసిపోవడమూ ఉంది. డోప్ పరీక్షలో దొరికిన క్రీడాకారుడికి ‘లేబుల్ మీద లేదు’ అన్న మాట పూర్తి రక్షణ ఇవ్వదు. ఒంట్లో దొరికినదానికి అతనిదే బాధ్యత. పేరు తెలియని డబ్బా మీద ఇంట్లో పెద్దల అనుమానాన్ని నేను కొట్టిపారేయను. అయితే అది కల్తీ మీద ఉండాల్సిన అనుమానం, క్రియాటిన్ మీద కాదు.

## ముగ్గురు కుస్తీ క్రీడాకారుల మరణం, నీటి భయం

ఒంట్లో నీరు లాగేస్తుందన్న మాట ప్రపంచమంతా పాకడానికి ముఖ్యమైన కారణం 1997 చివర్లో అమెరికాలో జరిగిన విషాదం. నవంబరు, డిసెంబరు నెలల్లో నార్త్ కరోలినా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు కొద్ది వారాల తేడాతో చనిపోయారు. వారు క్రియాటిన్ వాడి ఉంటారని అనుమానం రేగింది. అధికారులు విచారణ మొదలుపెట్టారు. పత్రికలకు కావాల్సిన శీర్షిక అప్పటికే దొరికింది.

విచారణలో బయటపడింది వేరే కథ. తక్కువ బరువు విభాగంలో పోటీ చేయడానికి ఆ ముగ్గురూ గంటల వ్యవధిలో కిలోల కొద్దీ బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ఉన్నారు. తిండీ నీళ్లూ బాగా తగ్గించారు. గాలి చొరబడని రబ్బరు లాంటి సూట్లు తొడుక్కుని, వేడెక్కించిన గదుల్లో కసరత్తు చేశారు. చెమట పోస్తుంది కానీ ఆవిరయ్యే దారి లేదు. చెమట ఒంటిని చల్లబరిచేది ఆవిరైనప్పుడే. ఆ దారి మూసుకుపోతే ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది, వేడి మాత్రం దిగదు. ముగ్గురి ప్రాణాలూ తీసింది ఆ విధానమే. 1998 జనవరిలో అమెరికా కాలేజీ క్రీడల సంఘం రబ్బరు సూట్లను, ఆవిరి గదులను నిషేధించింది. బరువు తూచే సమయాన్ని పోటీకి దగ్గరగా జరిపింది. క్రియాటిన్ మరణాలకు కారణమని తేలలేదు. కానీ ఆ సంగతి మొదటి శీర్షికలంత దూరం వెళ్లలేదు.

అయితే ఆ అనుమానం అర్థం లేనిది కూడా కాదు. క్రియాటిన్ నిజంగానే నీటిని కదిలిస్తుంది. కండర కణంలో అది పేరుకున్నకొద్దీ దాని వెంట నీరూ లోపలికి వెళుతుంది. రోజుకు 20 గ్రాముల లెక్కన మొదలుపెట్టినవారు మొదటి వారంలో ఒకటి రెండు కిలోలు బరువు పెరగడం మామూలే. అది కండ కాదు, నీరు. దాన్నిబట్టి కొందరు ఇలా ఊహించారు: నీరంతా కండరంలోకి పోతే రక్తంలో తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది, వడదెబ్బ తగులుతుంది. అమెరికా క్రీడా వైద్య సంఘం నిపుణులు 2000 సంవత్సరంలో ఇదే ఆందోళనతో, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో పెద్ద మోతాదులు వద్దని జాగ్రత్త చెప్పారు. పరీక్షలు ఇంకా తక్కువగా ఉన్న రోజుల్లో అది సబబైన మాటే.

ఆ ఊహను తర్వాత ప్రయోగాలతో తూచారు. 2006లో వెలువడిన ఒక పరీక్ష తీరు చూడండి. 12 మంది యువకులకు వారం రోజులు, రోజుకు 21.6 గ్రాములు ఇచ్చారు. తర్వాత కావాలనే వారి ఒంట్లో నీటిని తగ్గించారు, శరీర బరువులో 2 శాతం మేరకు. అంటే 70 కిలోల మనిషికి దాదాపు లీటరున్నర. ఆ స్థితిలోనే 33.5 డిగ్రీల వేడిలో 80 నిమిషాలు వ్యాయామం చేయించారు. అదే మనుషులకు మరో విడతలో ఉత్తుత్తి పొడి ఇచ్చి మళ్లీ చేయించారు. శరీర ఉష్ణోగ్రత, గుండె వేగం, చెమట రెండు విడతల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూసిన 2009 నాటి సమీక్ష కూడా, క్రియాటిన్ ఒంటి చల్లదనాన్ని గానీ నీటి సమతుల్యాన్ని గానీ చెడగొడుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్టును సీజన్ పొడవునా గమనించినప్పుడు వాడినవారిలో కండరాలు పట్టేయడం, వేడి వల్ల కలిగే ఇబ్బందులు వాడనివారి కంటే ఎక్కువ కాలేదు. తక్కువగానే కనిపించాయి. ఊహలో తప్పు ఎక్కడంటే, కండరంలోకి వెళ్లిన నీరు రక్తం నుంచి దోచుకున్నది కాదు. ఒంట్లోని మొత్తం నీరే పెరుగుతుంది. మూత్రపిండాలు కాస్త తక్కువ నీరు వదులుతాయి, తాగిన నీటిలో కొంత నిలిచిపోతుంది.

ఈ పరీక్షలకూ హద్దులున్నాయి. వీటిలో పాల్గొన్నది ఆరోగ్యవంతులైన యువకులు, ప్రయోగశాలలో గంట, గంటన్నర సేపు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మిట్టమధ్యాహ్నం మైదానంలో రెండు గంటలు పరుగెత్తే మనిషికి ఈ ఫలితాలు వడదెబ్బ నుంచి రక్షణ కావు. క్రియాటిన్ వాడకపోయినా ఆ ఎండ ప్రమాదమే. నీరు నిజంగా పోయే దారి మరొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు: ఒక్కసారే పెద్ద మోతాదు మింగడం. ఒకే విడతలో 10 గ్రాములు తీసుకున్నవారిలో విరేచనాలు ఎక్కువగా కనిపించాయి. అదే మోతాదును రెండుగా విడగొట్టి తీసుకున్నవారిలో ఆ తేడా లేదు. పేగులో పీల్చుకోకుండా మిగిలిన పొడి అక్కడికి నీటిని లాగుతుంది. ‘ఒంట్లో నీరు పోయింది’ అని చెప్పేవారిలో కొందరి అనుభవం ఇదే అయి ఉండవచ్చు.

## కిడ్నీ రిపోర్టు ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది

నాలుగింటిలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. ఎందుకంటే ఇందులో చేతికి కాగితం వస్తుంది, దాని మీద అంకె ఉంటుంది.

కండరంలోని క్రియాటిన్‌లో రోజుకు 1.7 శాతం దానంతటదే క్రియాటినిన్‌గా మారిపోతుంది. క్రియాటినిన్ వ్యర్థం. రక్తంలో కలిసి, మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. మూత్రపిండాలు మందగిస్తే రక్తంలో అది పేరుకుంటుంది. అందుకే దాన్ని కొలిచి, వయసు, స్త్రీనా పురుషుడా అన్నది చూసి, ఈజీఎఫ్ఆర్ అనే అంచనా వేస్తారు. నిమిషానికి మూత్రపిండాలు ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో చెప్పే అంకె అది. ఇక్కడొక షరతు దాగి ఉంది: ఒంట్లో క్రియాటినిన్ పుట్టే వేగం మామూలుగా ఉందని ఆ సూత్రం ముందే అనుకుంటుంది. పొడి వాడే మనిషిలో ఆ షరతే తప్పుతుంది.

లెక్క వేసి చూద్దాం. 120 గ్రాముల నిల్వలో 1.7 శాతం అంటే రోజుకు సుమారు 2 గ్రాముల క్రియాటినిన్. పొడి వాడి నిల్వ 20 శాతం పెరిగితే 144 గ్రాములు, అందులో 1.7 శాతం దాదాపు 2.4 గ్రాములు. వడపోత ఏమాత్రం మారకపోయినా రక్తంలో క్రియాటినిన్ అయిదో వంతు పెరగాలి. ఇప్పుడు 28 ఏళ్ల యువకుడిని తీసుకోండి. క్రియాటినిన్ డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాములు ఉంటే ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం ఈజీఎఫ్ఆర్ సుమారు 94. అయిదో వంతు పెరిగి 1.32 అయితే అదే సూత్రం 75 అని చెబుతుంది. మూత్రపిండాలు నిన్నటిలాగే పనిచేస్తున్నాయి. కాగితం మీద మాత్రం అయిదో వంతు సామర్థ్యం మాయమైంది.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. బ్రెజిల్ పరిశోధకులు 2010లో ఒక 20 ఏళ్ల యువకుడి కేసు ప్రచురించారు. అతనికి ఒకే మూత్రపిండం. ప్రోటీన్ కూడా బాగా ఎక్కువగా తినేవాడు. అయిదు రోజులు 20 గ్రాముల చొప్పున, తర్వాత 30 రోజులు 5 గ్రాముల చొప్పున క్రియాటిన్ తీసుకున్నాడు. క్రియాటినిన్ 1.03 నుంచి 1.27కు చేరింది. దాని ఆధారంగా వేసిన వడపోత అంచనా 88 నుంచి 71కి పడింది. ఇక్కడితో ఆగితే కిడ్నీ దెబ్బతిందనే ఎవరైనా అంటారు. కానీ వాళ్లు రేడియోధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, అది ఎంత వేగంగా వడగట్టబడుతోందో నేరుగా కూడా కొలిచారు. ముందు 81.6, తర్వాత 82.0. వడపోత కదల్లేదు, మూత్రంలో ప్రోటీన్ పెరగలేదు. పై లెక్కకూ ఈ కేసుకూ అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి.

అందుకే పొడి వాడుతున్న సంగతి వైద్యుడికి తెలియకుండా ఆ రిపోర్టును చదవడం కష్టం. తెలిస్తే దారులున్నాయి. సిస్టాటిన్ సి అనే మరో ప్రోటీన్‌ను కొలిస్తే క్రియాటిన్ దాని జోలికి పోదు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూడవచ్చు. పొడి కొన్ని వారాలు ఆపి మళ్లీ పరీక్ష చేస్తే, పెరుగుదల క్రియాటిన్ వల్లే అయితే అంకె దిగుతుంది. దిగకపోతే అసలు కారణం వేరే ఉందని అర్థం. అన్నీ క్రియాటిన్ మీద నెట్టేసి నిజమైన జబ్బును వదిలేయడం కూడా ఇంతే పొరపాటు. రాత్రి తిన్న మాంసాహారం వల్ల కూడా మర్నాడు క్రియాటినిన్ కొంత పెరుగుతుంది, వండేటప్పుడే మాంసంలోని క్రియాటిన్ కొంత క్రియాటినిన్‌గా మారుతుంది కాబట్టి.

ఈ భయానికి మూలం బ్రిటన్ నుంచి 1998లో ప్రముఖ వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసు. 25 ఏళ్ల వ్యక్తి క్రియాటిన్ వాడాక మూత్రపిండాల పనితీరు తగ్గినట్లు కనిపించింది, ఆపాక తిరిగి వచ్చింది. ఒక ఫ్రెంచి క్రీడా పత్రిక వెంటనే క్రియాటిన్ కిడ్నీలకు ప్రమాదమని రాసింది. ఆ రోగికి ముందు నుంచే మూత్రపిండాల జబ్బు ఉంది. మూత్రపిండాల మీద ప్రభావం చూపే సైక్లోస్పోరిన్ అనే మందు ఏళ్లుగా వాడుతున్నాడు. ఆ వివరాలు శీర్షికలోకి రాలేదు. ఆ తర్వాత ఆరోగ్యవంతుల్లో జరిగిన అధ్యయనాల్లో సిఫారసు చేసిన మోతాదులు మూత్రపిండాలను దెబ్బతీసినట్లు తేలలేదు. ‘ఆరోగ్యవంతుల్లో’ అన్న మాట మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ఇప్పటికే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ అధ్యయనాల్లో చాలా తక్కువ. కాబట్టి ఆ ధీమా వారికి వర్తించదు. మధుమేహం, రక్తపోటు ఉండి ఎప్పుడూ పరీక్ష చేయించుకోనివారిలో జబ్బు తెలియకుండానే ఉండవచ్చు. నిపుణుల మధ్య ఇప్పటికీ అభిప్రాయభేదం ఉన్నది ఇలాంటివారి విషయంలోనే.

## జుట్టు సంగతి

బట్టతల మాటకు మూలం ఒకే ఒక్క అధ్యయనం. 2009లో దక్షిణాఫ్రికాలో 20 మంది రగ్బీ ఆటగాళ్ల మీద చేసింది. వారం రోజులు 25 గ్రాముల చొప్పున తీసుకున్నాక, వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో పాత్ర ఉన్న డీహెచ్‌టీ అనే హార్మోన్ 56 శాతం పెరిగింది. టెస్టోస్టెరాన్ మారలేదు. డీహెచ్‌టీ పెరిగినా మామూలు హద్దుల్లోనే ఉంది. పరిశోధకులు ఎవరి జుట్టునూ పరిశీలించలేదు, జుట్టు రాలిందని రాయలేదు. 56 శాతం అన్న ఆ ఒక్క అంకె మీదే పదిహేనేళ్లు ప్రచారం నడిచింది.

2025లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈసారి జుట్టునే నేరుగా కొలిచింది. రోజుకు 5 గ్రాములు, 12 వారాలు. వెంట్రుకల సాంద్రతలో గానీ మందంలో గానీ డీహెచ్‌టీలో గానీ, ఉత్తుత్తి పొడి తీసుకున్నవారితో పోలిస్తే తేడా కనిపించలేదు. చివరి దాకా నిలిచింది 38 మంది. బట్టతల ఏళ్ల తరబడి సాగే వ్యవహారం కాబట్టి మూడు నెలల ఫలితం దాని మీద ఆఖరి తీర్పు కాదు. ప్రస్తుతానికి ఉన్న నేరుగా కొలిచిన ఆధారం మాత్రం అదే.